మేత బీడులో ఎన్ని ఆవులను వదలవచ్చు?

40 హెక్టార్ల బీడు, హెక్టారుకు 1200 కిలోల ఎండుగడ్డి. 120 రోజులకు ఎన్ని ఆవులు సరిపోతాయి?

ఒక్కోటి 400 కిలోలుండే ఆవులైతే పది. మొత్తం 48,000 కిలోల గడ్డి ఉన్నా, మేతకు పావు వంతే, అంటే 12,000 కిలోలే లెక్కించాలి. సగం గడ్డి నేల మీద మిగలకపోతే వేళ్లు బలహీనపడి మళ్లీ చిగురు రాదు. ఇంకో పావు వంతు తొక్కుడుకూ పురుగులకూ పోతుంది. ఆవు రోజుకు తన బరువులో సుమారు 2.5 శాతం, అంటే 10 కిలోల ఎండు మేత తింటుంది. 120 రోజులకు 1200 కిలోలు.

చాలామంది గడ్డంతా పశువులదేనని లెక్కేసి నలభై ఆవులను తోలేస్తారు. కోసిన పచ్చిగడ్డిని ఆరబెట్టకుండా తూచడం మరో పొరపాటు. అందులో ఎక్కువ భాగం నీళ్లే. చదరపు మీటరులో కోసి, పూర్తిగా ఆరాక తూచిన గ్రాములను పదితో గుణిస్తే హెక్టారుకు కిలోలు వస్తాయి. పది ఆవులన్నది ఈ ఏటి సంఖ్యే. బీడు ఏళ్ల తరబడి మోయగలిగేది తెలియాలంటే కరువేళ్ల దిగుబడినీ కలిపి చూడాలి.