మీటింగ్ బుల్లెట్లు మినిట్స్ టేబుల్‌లోకి: ముందు ముక్కలు చేయండి

ప్రశ్న: మీటింగ్‌లో గబగబా రాసుకున్న బుల్లెట్లని పని, బాధ్యులు, గడువు ఉండే టేబుల్‌గా ఎలా మార్చాలి? ఒక్కో బుల్లెట్‌ని ఒక్కో వరుసలో పేస్ట్ చేస్తే అంతా గందరగోళంగా ఉంటోంది.

ఒక బుల్లెట్‌కి ఒక వరుస అనే లెక్క వదిలేయండి, చిక్కంతా అక్కడే. మా ఆఫీసులో మినిట్స్ రాసే పని చాలాకాలంగా నాదే, సాధారణంగా నాకు దొరికే బుల్లెట్ ఇలా ఉంటుంది:

```
- కొత్త ఇన్‌వాయిస్ ఫార్మాట్, రవి+లత చూస్తారు, వచ్చే శుక్రవారం, అకౌంట్స్ ఓకే అన్నాక వాడదాం
```

ఇందులో ఒక నిర్ణయం, రెండు పనులు కలిసిపోయి ఉన్నాయి. "అకౌంట్స్ ఓకే అన్నాకే వాడాలి" అన్నది నిర్ణయం, దాన్ని ఎవరూ చేయక్కర్లేదు కాబట్టి టేబుల్ పైన విడిగా ఒక వాక్యంగా రాసేస్తాను. ఇక "చూస్తారు" అంటే ఏం చేస్తారు? పని అయిందో లేదో చూడగానే తెలిసే మాట కావాలి: నమూనా తయారుచేసి పంపాలి, ఆమోదం మెయిల్ తెప్పించాలి, ఇలా. రెండు పేర్లు ఒకే గడిలో పెడితే ఇద్దరూ అవతలివాళ్లు చేస్తారులే అనుకుంటారు, అందుకే వరుసకి ఒక్క పేరే. "టీమ్" అని అసలు రాయను.

గడువు దగ్గర ఇంకో తిరకాసు. మీటింగ్ 2025 జూన్ 5న, గురువారం జరిగిందనుకోండి, మరి వచ్చే శుక్రవారం అంటే రేపా, 13వ తేదీనా? ఊహించి రాయకుండా వాళ్లిద్దరికీ అదేరోజు మెసేజ్ పెట్టి అడగండి. లత పని రవి పని అయితేగానీ మొదలవదు కాబట్టి 13 అంటే రవికి అంతకంటే ముందే గడువు ఉండాలి, ఈ సంగతి బుల్లెట్లో కనిపించదు, విడగొడితేనే బయటపడుతుంది. జవాబు రాకపోతే ఆ గడిలో "ఖరారు కాలేదు" అని రాయండి, ఖాళీగా వదిలితే మీరు మర్చిపోయారనుకుంటారు.

ఇంత అయ్యాక టేబుల్ చేయడం నిమిషాల పని. ఇలా టైప్ చేయండి:

```
పని|బాధ్యులు|గడువు
నమూనా తయారుచేసి లతకి పంపాలి|రవి|2025-06-11
అకౌంట్స్ ఆమోదం మెయిల్ తెప్పించాలి|లత|2025-06-13
```

వర్డ్‌లో ఈ వరుసలు సెలెక్ట్ చేసి Insert > Table > Convert Text to Table నొక్కి, Other దగ్గర | పెడితే చాలు.

తేదీని అలా తిరగేసి రాయడానికి కారణం ఉంది. తర్వాత దీన్నే ఎక్సెల్‌లో పెట్టి గడువు ప్రకారం సార్ట్ చేస్తారు కదా, కంప్యూటర్ అమెరికా సెట్టింగ్‌లో ఉంటే 11-06-2025ని నవంబర్ 6 అనుకుంటుంది, 13-06-2025ని మాత్రం తేదీగానే తీసుకోదు, మామూలు అక్షరాల్లా గడిలో ఎడమవైపు అంటిపెట్టుకుని ఉంటుంది. కొన్ని తేదీలు కుడికి, కొన్ని ఎడమకి కనిపిస్తే సార్ట్ చేయకముందే సరిచేసుకోండి.