ఆమె పేరు ఎత్తినప్పుడు

చిట్టీ,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పిన మాట రాత్రంతా బుర్రలో తిరిగింది. "తనైతే ఇంత చిన్నదానికి మొహం మాడ్చుకునేది కాదు" అన్నాడు మీ ఆయన. దానికి నువ్వు "ఇంకా ఎలా ఉండేదేంటి?" అని అడిగావు. ముందు ఆ అడగడం మానెయ్యి. కాలేజీ రోజుల్లో తను ప్రేమించి బండి మీద తిప్పిన ఆ అమ్మాయిని ఆయన నెలాఖరు ఖర్చుల్లో చూడలేదు, జ్వరంలో చూడలేదు. గుర్తున్నదల్లా మంచే. రాత్రిళ్లు నువ్వు ఆమె ఇన్‌స్టాగ్రామ్ తెరిచి చూడటం కూడా అలాంటిదే, అదీ మానెయ్యి.

మీ మావయ్య కొత్తలో మాటకి ముందు "మా వదినైతే" అనేవారు. మూడేళ్లు ఆవిడలా పులుసు పెట్టాలని చూశాను. ఒకసారి చింతపండు పెంచాను, ఒకసారి మెంతిపొడి వేశాను. ఏదీ కుదరలేదు. ఓ రోజు విసుగొచ్చి, "వదిన సంగతి వదిలేయండి, పులుసులో మీకేం తక్కువైంది?" అన్నాను. కాసేపు ఆలోచించి, "కాస్త బెల్లం" అన్నారు. మూడేళ్లు ఏడ్చింది చిన్న బెల్లంముక్క కోసం!

నువ్వూ అదే అడుగు. అప్పటికప్పుడు కాదు, నలుగురి ముందు అసలే వద్దు. ఆ రాత్రి భోజనాలయ్యాక, టీవీ కట్టేసి, "నీకు నా దగ్గర ఏం కావాలో చెప్పు, ఆమె పేరు ఎత్తకుండా చెప్పు" అను. పోలిక వచ్చిన ప్రతిసారీ ఇదే మాట. ఒక నెల చూడు. "ఇంటికొచ్చాక కాసేపు నాతో కూర్చో" లాంటిదేదైనా చెప్పగలిగితే అది నోటి అలవాటు, మాన్పించొచ్చు. అడిగినవన్నీ చెయ్యాలనీ లేదు, కుదరదని చెప్పే హక్కు నీకుంది.

ఏం కావాలో చెప్పలేక ఇంకో పేరు తెస్తే మాత్రం సంగతి వేరు. ఆమెది పొట్టి జుట్టని నువ్వు కత్తిరించుకున్నావు. వారం తిరక్కుండా మీ తోడికోడలి జడ పొగిడాడు. జుట్టు ఎలా ఉన్నా ఆయనకి నువ్వు తక్కువగా కనపడాలి, అంతే. అలాంటి పరుగులో గెలుపుండదు, దిగిపో.

నీలో ఏం అరిగిందో కూడా చూసుకో. ఒకప్పుడు రెండు నిమిషాల్లో చీర ఎంచుకునేదానివి, ఇప్పుడు ముగ్గురికి ఫోటోలు పంపి అడుగుతున్నావు. మానేసిన కుట్టుపని మళ్లీ మొదలుపెట్టు. జాకెట్టు సరిగ్గా కుదిరిందో లేదో చెప్పేది వేసుకున్న మనిషి, ఆయన కాదు.

అన్నట్టు, "మా నాన్నైతే" అని నువ్వెన్నిసార్లు అన్నావో కూడా లెక్కేసుకో. మా అన్నయ్యే అయినా చెబుతున్నాను.

నలుగురిలో నవ్వులపాలు చేస్తున్నా, డబ్బు చేతికివ్వకపోయినా, ఆయన అడుగుల చప్పుడుకి నీకు భయం పుడుతున్నా నెల ఆగొద్దు. 2005 గృహహింస చట్టంలో అవమానించడం, ఎగతాళి చేయడం కూడా హింస కిందే వస్తాయి. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి, లేదా తిన్నగా నా దగ్గరికి వచ్చెయ్.

ఆ మాట అడిగాక ఏమన్నాడో బుధవారం ఫోన్ చేసి చెప్పు.

మీ అత్త