చదువు తక్కువ ఉన్నవాళ్లకు సమాచార పత్రం రాయడం

మా పరిశోధనకు ఊళ్లో ఆడవాళ్ల దగ్గర రక్తం తీసుకోవాలి, రక్తహీనత చూడాలి. చాలామందికి చదువు రాదు. సమాచార పత్రం ఎలా రాయాలి?

పైకి చదివితే చెవికి అందేలా రాయండి. మొదలు ఇలా ఉండొచ్చు: “ఈ ఊళ్లో ఎంతమంది ఆడవాళ్లకు రక్తం తక్కువగా ఉందో తెలుసుకోవాలని వచ్చాం. మీరు ఒప్పుకుంటే మీ చేతి నుంచి ఒక చెంచాడు రక్తం తీస్తాం. సూది గుచ్చిన చోట కాసేపు నొప్పి ఉంటుంది.”

తర్వాత, ‘స్వచ్ఛందం’ అని రాసి వదిలేయకండి. తెలిసిన ఆశా కార్యకర్త పిలిస్తే కాదనలేక వచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్ల భయం పేరు పెట్టి చెప్పాలి: “మీరు వద్దన్నా రేషను, పింఛను, ఆసుపత్రి వైద్యం ఏదీ ఆగదు. ఒప్పుకున్నాక కూడా మానేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు.”

సమాచారం గురించి: “సీసా మీద మీ పేరు ఉండదు, నంబరు ఉంటుంది. ఏ నంబరు ఎవరిదో రాసిన పుస్తకం తాళం వేసి దాస్తాం. పని అయ్యాక దాన్ని చింపేస్తాం. అప్పటిదాకా మీరు అడిగితే మీ వివరాలు తీసేస్తాం, ఆ తర్వాత ఏవి మీవో మాకూ తెలియదు.” ఈ చివరి మాట చాలామంది రాయరు. రాయకపోతే నిలబెట్టుకోలేని మాట ఇచ్చినట్టే.

చదివాక “అర్థమైందా?” అనకండి, అందరూ తలూపుతారు. “వద్దంటే ఏమవుతుందమ్మా?” అని అడగండి. “పింఛను పోతుందేమో” అంటే మళ్లీ చెప్పాలి, అప్పుడే వేలిముద్ర వేయించకూడదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం, చదవలేనివాళ్లు ఒప్పుకునేటప్పుడు మీ బృందానికి సంబంధం లేని, చదువొచ్చిన సాక్షి మొదటినుంచీ పక్కన ఉండాలి. పత్రం ఒక కాపీ, ఫోన్ నంబరుతో, వాళ్ల ఇంటికి పంపండి.