జీడిపప్పు లిస్టింగ్‌లో ఏం రాయాలి? - సమాధానం

"బెజవాడలో షాపు. ఆన్‌లైన్‌లో 'ప్రీమియం జీడిపప్పు' అని పెడుతున్నా. సైజు చిన్నది, మెత్తబడింది అంటూ వెనక్కి పంపుతున్నారు. ఏం రాయాలి?"

'ప్రీమియం' తీసేసి గ్రేడ్ రాయండి అండీ. డబ్ల్యూ 320 అంటే పౌనుకు, అంటే 454 గ్రాములకు, 300 నుంచి 320 గుండ్లు. పావుకిలోకి సుమారు 165-176 వస్తాయి. ఆ లెక్కే రాస్తే సైజు గొడవ ఉండదు. అదే డబ్ల్యూ 240 అయితే 121-132, గుండు పెద్దది. బద్దలు కలిస్తే దాచకుండా చెప్పండి, పాయసానికి బద్దలే అడిగేవాళ్లూ ఉన్నారు.

మెత్తబడటం మన గాలి తేమ వల్లే. పప్పులో తేమ 5 శాతం దాటకూడదు. జిప్ ఒక్కటే ఆపదు. లోపల అల్యూమినియం పొర ఉన్న కవరు తీసుకుని, జిప్ పైన హీట్ సీల్ వేయండి. సీల్ చేశాక నొక్కి చూడండి, గాలి పోతుంటే మళ్లీ వేయాల్సిందే.

ఇలా రాయొచ్చు: "జీడిపప్పు, డబ్ల్యూ 320, పచ్చి గుండ్లు. 250 గ్రాములకు సుమారు 165-176. హీట్ సీల్ చేసిన జిప్ కవరు. తెరిచాక గాలి చొరని డబ్బాలో ఉంచండి. ప్యాకులు: 250, 500 గ్రాములు, 1 కిలో."

కవరు బరువు ఇందులో కలపకండి.