డీఎస్‌ఓ పెరుగుతోందంటే అది నిజమా, లెక్కలో తేడానా?

ప్రశ్న: మాది కాశీబుగ్గలో చిన్న జీడిపప్పు యూనిట్. ట్యాలీలో బిల్లులన్నీ ఉన్నాయి. అమ్మకాలు బాగానే ఉన్నాయి కానీ డీఎస్‌ఓ, అంటే అరువు అమ్మకం డబ్బు చేతికి రావడానికి పట్టే సగటు రోజులు, మూడు నెలలకోసారి పెరుగుతూ పోతోంది. లెక్క తప్పా, లేక టెన్షన్ పడాలా?

పలాసలో ఒక జీడిపప్పు యూనిట్‌లో నేను చాలా ఏళ్లు లెక్కలు చూశానండి. సరిగ్గా ఇదే మాకూ ఎదురైంది.

ముందు రావలసిన బాకీని ఎలా లెక్క తీస్తున్నారో చూసుకోండి. చాలామంది ఈరోజు ఇంకా డబ్బు రాని బిల్లులను వడకట్టి, వాటినే నెలల వారీగా పంచుతారు. అలా చేస్తే జూన్ చివర బాకీ ఉండి జులైలో డబ్బు వచ్చిన బిల్లు జూన్ లెక్కలో కనిపించదు. పాత నెలలు తక్కువగా, కొత్త నెలలు ఎక్కువగా వచ్చి, ఏ సమస్యా లేకపోయినా అంకె పెరుగుతున్నట్టే ఉంటుంది. ఆ తేదీ నాటికి వేసిన బిల్లుల్లోంచి, ఆ తేదీ నాటికే వచ్చిన డబ్బును తీసేయాలి. A లో బిల్లు తేదీ, C లో మొత్తం, E లో వసూలు తేదీ, F లో వసూలు, H1 లో మీకు కావలసిన తేదీ ఉంటే:

```
=SUMIFS(C:C,A:A,"<="&H1)-SUMIFS(F:F,E:E,"<="&H1)
```

క్రెడిట్ నోట్లను వసూలు వైపే వేయండి. నగదు అమ్మకాలు ఇందులో కలపకండి. బాకీలో జీఎస్టీ ఉంటే అమ్మకాల్లోనూ ఉండాలి.

ఇక అసలు లెక్క. అందరూ చేసేది బాకీని మూడు నెలల అరువు అమ్మకాలతో భాగించి, రోజులతో గుణించడం. మాకు జూన్ చివర బాకీ 30 లక్షలు, మూడు నెలల అమ్మకం 50 లక్షలు, అంటే 55 రోజులు. సెప్టెంబర్‌కు బాకీ 60, అమ్మకం 90, అంటే 61 రోజులు. డిసెంబర్‌కు బాకీ 55, అమ్మకం 75, అంటే 67 రోజులు. చూడటానికి మెల్లగా, సమానంగా పెరుగుతున్నట్టు ఉంది కదా. కానీ అందులో ఒక పెరుగుదల అబద్ధం, రెండోది చాలా తక్కువ చేసి చూపించింది.

కారణం మన సీజన్. దీపావళి ముందు సరుకు ఎక్కువగా కదులుతుంది. సెప్టెంబర్‌లో వేసిన బిల్లుకు ఇంకా గడువే తీరదు, కానీ బాకీలో మాత్రం పెద్దగా కనిపిస్తుంది. అందుకే బాకీలోంచి ఒక్కో నెల అమ్మకాన్ని వెనక్కి తీసేస్తూ లెక్కపెట్టాలి. సెప్టెంబర్ బాకీ 60 లో ఆ నెల అమ్మకం 40 తీసేస్తే 30 రోజులు పోయాయి, 20 మిగిలింది. ఆగస్టు అమ్మకం 30, అందులో 20 అంటే 31 రోజుల్లో 21. మొత్తం 51 రోజులు. జూన్‌కు ఇలాగే చేస్తే అదీ 51. అంటే ఆ మూడు నెలల్లో వసూళ్లు ఏమీ మందగించలేదు.

డిసెంబర్‌కు చూడండి. బాకీ 55. డిసెంబర్ అమ్మకం 15, నవంబర్ 20 తీసేస్తే 61 రోజులు పోయి 20 మిగిలింది. అక్టోబర్ అమ్మకం 40, అందులో సగం, అంటే మరో 15 రోజులు పైన. మొత్తం 76. మామూలు లెక్కలో 6 రోజులుగా కనిపించినది నిజానికి 25 రోజులు.

అప్పుడు పార్టీల వారీగా విడదీశాను. 55 లో 32 లక్షలు ఒక్క హోల్‌సేల్ పార్టీ దగ్గరే ఉన్నాయి. ఆయన్ని పక్కన పెట్టి లెక్కిస్తే మిగతావాళ్లది 55 రోజులే. అందరూ కొద్దికొద్దిగా ఆలస్యం చేస్తుంటే గడువు గురించి మనమే మెత్తబడ్డామని అర్థం. ఒక్కడే పెంచుతున్నాడంటే ఆ పార్టీ చేతిలో డబ్బు ఆడటం లేదని అనుమానించాలి. పైగా ఆయన అంతకు కొన్ని నెలల ముందు నుంచే ఏ బిల్లుకో చెప్పకుండా లక్ష, రెండు లక్షలు అని గుండుగుత్త మొత్తాలు పంపుతున్నాడు. ట్యాలీలో అవి `Agst Ref` బదులు `On Account` కింద పడేవి. సెప్టెంబర్ బిల్లులు 11 లక్షలు అలాగే ఉండిపోయినా మేము సరుకు పంపుతూనే ఉన్నాం. అమ్మకం బాగుందని మా సేఠ్ సంతోషంగా ఉండేవారు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది అదే.

దెబ్బ మొదట తగిలింది బ్యాంకు దగ్గర. 90 రోజులు దాటిన బాకీలను మా బ్యాంకు డ్రాయింగ్ పవర్‌లో, అంటే మనం వాడుకోగల అప్పు పరిమితిలో, లెక్కలోకి తీసుకోదు. సెప్టెంబర్ బిల్లులు డిసెంబర్ చివరికి ఆ గడువు దాటాయి. మార్చి నుంచి జీడి పిక్కలు కొనడానికి డబ్బు కావలసిన సమయానికి సీసీ లిమిట్ తగ్గిపోయింది. జీఎస్టీ మాత్రం డబ్బు రాకముందే కట్టేశాం.

జనవరిలో ఆ పార్టీకి అరువు ఆపి, బిల్లు నంబర్లతో బాకీ లెటర్ మీద సంతకం తీసుకున్నాం. తర్వాత పాత బిల్లు తీరితేనే కొత్త సరుకు. 32 లక్షలు పూర్తిగా రావడానికి ఆగస్టు దాకా పట్టింది. ఆ ఏడాది పిక్కలు సగమే కొనగలిగాం.

మీ మూడు అంకెలనూ ఈ పద్ధతిలో ఒకసారి తీసి, పెద్ద పార్టీని పక్కన పెట్టి మళ్లీ చేయండి. ఏం వచ్చిందో ఇక్కడ పెట్టండి, చూస్తాను.