ఎదిగే పాప బట్టలకు ఈఎంఐ ఎందుకు?

"మా పాపకు ఎనిమిది నెలలు. సేల్‌లో మూడేళ్లు వచ్చేదాకా సరిపోయే బట్టలు 24,000 రూపాయలకు వస్తున్నాయి. కార్డు మీద ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐ పెట్టి ఒకేసారి కొనేద్దామా? ఇంటి ఖర్చు నెలకు 30,000, బ్యాంకులో 15,000 ఉన్నాయి." – ఓ తల్లి, గుంటూరు

వద్దమ్మా. సగం నెల ఖర్చుకు సరిపడా డబ్బు మాత్రమే చేతిలో పెట్టుకుని, రెండేళ్ల తర్వాత వేసే గౌనుకు ఇప్పుడు అప్పు చేయడమేంటి? సేల్ మొదలైతే చాలు, చిన్నపిల్లలున్న ఇళ్లలో చాలామంది చేసే తప్పే ఇది.

ఈ వయసు ఆడపిల్లలు సగటున 69 సెంటీమీటర్లు ఉంటారు. ఏడాది నిండేసరికి 74, రెండేళ్లకు 86, మూడేళ్లకు 95 దాకా వస్తారు. ఇప్పుడైతే మూణ్నెల్లకో సైజు మారిపోతుంది, రెండేళ్లు దాటాక ఒక సైజు దాదాపు ఏడాది వస్తుంది. ముందే కొనిపెట్టుకుంటే కలిసొచ్చేది ఆ వయసులోనే, ఇప్పుడు కాదు. పైగా పాప బొద్దుగా ఎదుగుతుందో సన్నగా పొడవు సాగుతుందో ఇవాళే ఎవరు చెప్పగలరు? ఫుల్ హ్యాండ్స్ డ్రెస్సు సరిగ్గా సరిపోయే నెలలు మీ గుంటూరు ఎండల్లో పడితే అది బీరువాలోనే ఉండిపోతుంది.

అందుకే ఇప్పుడు వేసే సైజుకు ఒక్క సైజు పెద్దవి, ఐదారు జతలు, చేతిలో ఉన్న డబ్బుతో కొనండి. అట్ట మీది వయసు కాదు, సెంటీమీటర్లు చూడండి. మెత్తటి బనియన్ క్లాత్ కాటన్ మొదటి ఉతుకుకే నూటికి ఐదు వంతుల దాకా కుంచించుకుపోవచ్చు, అంటే 40 సెంటీమీటర్ల చొక్కా 38కి వస్తుంది. ముందు ఒక్కటే కొని, భుజం నుంచి అంచు దాకా టేపుతో కొలిచి, ఉతికి, ఆరాక మళ్లీ కొలవండి. షాపులో చేతికి తగిలే మెత్తదనం కొంత పైపూత వల్ల కూడా వస్తుంది, రెండు మూడు ఉతుకులకు అది పోతుంది కాబట్టి మెత్తదనం కూడా ఉతికాకే చూడండి. ఎంబ్రాయిడరీ ఉంటే తిరగేసి ముంజేతి లోపలివైపు రుద్దండి, మీకు గరుకుగా తగిలితే పాపకు ఇంకా గుచ్చుకుంటుంది. గౌను అంచులో రెండంగుళాల మడత ఉంటే పొడవు పెరిగాక విప్పించుకోవచ్చు. నడుము ఎలాస్టిక్ మాత్రం ఏళ్లతరబడి పెట్టెలో ఉంటే సాగుడు పోతుంది, అవి దాచిపెట్టకండి.

ఇక ఆ ఈఎంఐ. నో కాస్ట్ అన్నా వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి, ప్రాసెసింగ్ ఫీజు సాధారణంగా అదనం. ఒక్క కంతు తప్పితే కార్డు వడ్డీ మొదలవుతుంది. పాపకు రాత్రి రెండింటికి జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేర్చి అడ్వాన్సు కట్టమంటే ఆ 15,000 ఎన్ని గంటలు ఆగుతాయి? కంతు కట్టబోయిన నెలకు 4,000ని ఆర్‌డీలో వేయండి. ఆరు నెలలకు మీ దగ్గర 39,000 పైన ఉంటాయి, మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా 90,000 అయ్యేదాకా ఆపకండి. పాప పేరు మీ ఆరోగ్య బీమాలో చేర్పించారో లేదో ఈ వారమే అడగండి.

పండగ బట్టలు, బంధువులిచ్చే గౌన్లు ఎలాగూ వస్తాయి. అక్కల పిల్లలు వేసి వదిలేసినవి మొహమాటపడకుండా తీసుకోండి, చాలాసార్లు ఉతికినవి కాబట్టి అవి ఇక కుంచించుకుపోవు.