డీసీటీ ‘వీక్ పాజిటివ్’ అయితే ప్రమాదం తక్కువేనా?

*నాది ఓ పాజిటివ్, పాపది బి పాజిటివ్. పుట్టిన రెండో రోజే కామెర్లు కనిపించాయి. రిపోర్టులో డీసీటీ వీక్ పాజిటివ్ అని రాశారు. ఇద్దరిదీ పాజిటివే కదా, ఎందుకిలా వచ్చింది? వీక్ అన్నారు కాబట్టి నిశ్చింతగా ఉండవచ్చా?*

డీసీటీ అంటే డైరెక్ట్ కూంబ్స్ టెస్ట్, ఎర్రకణాలకు యాంటీబాడీలు అంటుకున్నాయో లేదో చూసే పరీక్ష. రక్తనిధిలో ఈ పరీక్ష చేయడమే నా పని. ‘వీక్’ అన్న మాట చూసి నిశ్చింతగా ఉండకండి. ఎర్రకణాలు పగిలినప్పుడు తయారై కామెర్లు తెచ్చే పసుపు పదార్థం బిలిరుబిన్. పాప రక్తంలో అది ఎంత వేగంగా పెరుగుతోందన్నదే ముఖ్యం.

ఓ గ్రూపు వారి రక్తంలో ఏ, బి గ్రూపుల కణాలకు వ్యతిరేకమైన యాంటీబాడీలు సహజంగానే ఉంటాయి. వాటిలో ఐజీజీ రకానివి మాయను దాటి బిడ్డకు చేరి, బిడ్డ ఎర్రకణాలకు అంటుకుని, అవి పగిలేలా చేస్తాయి. అందుకే ఇది తొలి కాన్పులో కూడా వస్తుంది, గ్రూపు పక్కన పాజిటివ్, నెగెటివ్ అని రాసే ఆర్‌హెచ్‌తో సంబంధం లేకుండా.

అలా అంటుకున్న యాంటీబాడీలు కంటికి కనబడవు. 1945లో కూంబ్స్, మౌరాంట్, రేస్ వెలుగులోకి తెచ్చిన పద్ధతితో వాటిని పట్టుకుంటాం. ముందు బిడ్డ ఎర్రకణాలను సెలైన్‌తో మూడు నాలుగుసార్లు కడుగుతాం. సరిగా కడగకపోతే ప్లాస్మాలో మిగిలిన ఐజీజీయే మేం కలిపే రసాయనాన్ని వాడేసుకుంటుంది, ఫలితం తప్పుగా నెగెటివ్ వస్తుంది. తర్వాత మనిషి ఐజీజీని పట్టుకునే యాంటీబాడీ, అంటే కూంబ్స్ సీరం, చుక్కలుగా వేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, గొట్టాన్ని మెల్లగా కదుపుతూ చూస్తాం. కణాలు గుత్తులుగా అతుక్కుంటే పాజిటివ్. అతుక్కోకపోతే, ముందే ఐజీజీ అంటించి ఉంచిన కణాలను అదే గొట్టంలో కలుపుతాం. అవి కూడా అతుక్కోకపోతే ఆ నెగెటివ్‌ను నమ్మం, పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేస్తాం.

ఇక ‘వీక్’ సంగతి. పసిబిడ్డ ఎర్రకణాల మీద ఏ, బి యాంటిజెన్లు పెద్దవారిలో ఉన్నన్ని ఉండవు, పూర్తిగా ఎదిగి కూడా ఉండవు. అందువల్ల కణానికి అంటుకునే యాంటీబాడీలూ తక్కువే, గుత్తులు గట్టిగా కట్టవు. ఒకసారి మీ పాపలాగే బి గ్రూపు బిడ్డ నమూనా వచ్చింది. తల్లిది ఓ గ్రూపు. డీసీటీ ఉందా లేదా అన్నట్టుగా ఉంది, బిలిరుబిన్ మాత్రం గంటగంటకూ పెరుగుతోంది. కడిగిన కణాలను 56 డిగ్రీల వేడిలో ఉంచి, అంటుకున్న యాంటీబాడీని విడదీసి, ఆ ద్రవాన్ని వేరే కణాలతో పరీక్షించాం. బి కణాలు చక్కగా అతుక్కున్నాయి, ఓ కణాలు కదల్లేదు. కారణం తేలింది. బిడ్డను నీలికాంతి కింద ఉంచారు, కోలుకుంది.

పెద్దవారిలో దీనికి పూర్తిగా ఎదురుగా జరగడమూ చూశాను. బీపీకి మిథైల్‌డోపా వాడేవారిలో డీసీటీ బలంగా పాజిటివ్ వచ్చినా, చాలామందిలో కణాలు పగలవు. అందుకే పెద్దవారి నమూనా పాజిటివ్ వస్తే వాడుతున్న మందులేమిటో, గత మూడు నెలల్లో రక్తం ఎక్కించుకున్నారో లేదో ముందు అడుగుతాం.

పాప వయసు గంటల్లో లెక్కగట్టి బిలిరుబిన్‌ను చూడమని, హిమోగ్లోబిన్ కూడా చేయించమని మీ పిల్లల డాక్టరును అడగండి. కామెర్లు తగ్గాక కూడా కొన్ని వారాల పాటు కణాలు పగులుతూ రక్తహీనత రావచ్చు కాబట్టి, ఇంటికి వెళ్లాక హిమోగ్లోబిన్ మళ్లీ ఎప్పుడు చూడాలో డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి.